కిలోకా, బట్టకా, నెలకా?

పది చొక్కాలు, నాలుగు జీన్సు ప్యాంట్లు, రెండు డబుల్ కాట్ దుప్పట్లు, నాలుగు స్నానపు తువ్వాళ్లు. ఈ మూటను లాండ్రీలో ఇచ్చి, ఉతికి ఇస్త్రీ చేసి కిలో లెక్కన ఇమ్మంటే ఒక బిల్లు వస్తుంది. బట్టకింత అని మాట్లాడితే ఇంకో బిల్లు వస్తుంది. కిలో లెక్కన ఉతికించుకుని, ఇస్త్రీ మాత్రం వీధి చివరి బండి దగ్గర చేయించుకుంటే మూడో బిల్లు అవుతుంది. బట్టలు అవే, శుభ్రమూ అంతే, కానీ మొదటి బిల్లుకూ మూడో బిల్లుకూ 150 రూపాయల తేడా ఉండొచ్చు. ప్రతి పది రోజులకూ ఇలాంటి మూట పంపే ఇంట్లో ఏడాది తిరిగేసరికి ఆ తేడా అయిదు వేలు దాటుతుంది.

దీనికి కారణం లాండ్రీవాళ్లు ఎక్కువ తీసుకోవడం కాదు. ఏ పనికి ఏ కొలత సరిపోతుందో చూడకుండా మనం మూటంతా ఒకే లెక్కలో పడెయ్యడమే. ఆ కొలతల సంగతి ఒకసారి తెలుసుకుంటే హైదరాబాదులోనైనా, విజయవాడలోనైనా, విశాఖలోనైనా ఏ రేటు కార్డు చూసినా లెక్క మనమే వేసుకోవచ్చు.

బరువును బట్టి పెరిగేది ఉతుకు, బట్టను బట్టి పెరిగేది ఇస్త్రీ

లాండ్రీలో జరిగే పనిని రెండుగా విడదీసి చూడండి. ఉతికే యంత్రం సామర్థ్యాన్ని కిలోల్లోనే చెబుతారు. పది కిలోల యంత్రంలో పది కిలోల పొడి బట్టలు పడతాయి. అవి యాభై చొక్కాలా, పదకొండు దుప్పట్లా అన్నది దానికి పట్టదు. నీళ్లు, సబ్బు పొడి, కరెంటు, ఆరబెట్టే యంత్రంలోని వేడి అన్నీ దాదాపు బరువును బట్టే ఖర్చవుతాయి. అందుకే ఉతికి మడతపెట్టి ఇచ్చే పనికి కిలో ధర పెట్టడం సహజం.

ఇస్త్రీ అలా కాదు. అది మనిషి చేతి పని. ఒక చొక్కాకు కాలరు, కఫ్‌లు, రెండు చేతులు, వీపు, బొత్తాల పట్టీ విడివిడిగా పరిచి రుద్దాలి. ఏడు వందల గ్రాముల జీన్సు ప్యాంటుకు పట్టే సమయం రెండు వందల గ్రాముల చొక్కాకు పట్టే సమయం కన్నా ఎక్కువేమీ కాదు, చాలాసార్లు తక్కువే. కాబట్టి ఇస్త్రీకి బట్టకింత అన్నదే సరైన కొలత.

ఈ రెండు పనులనూ కలిపి ‘ఉతుకు, ఇస్త్రీ కిలోకింత’ అని ఒకే ధర చెప్పినప్పుడే లెక్క చిక్కుపడుతుంది. లాండ్రీవాళ్లు సగటు మూటను దృష్టిలో పెట్టుకుని ఆ ధర కడతారు. అన్నీ తేలిక బట్టలే ఉన్న మూటలో ఇస్త్రీ పని ఎక్కువ, బరువు తక్కువ, కాబట్టి లాభం మనది. జీన్సులు, తువ్వాళ్లు, దుప్పట్లు నిండిన మూటలో బరువు ఎక్కువ, ఇస్త్రీ తక్కువ. అప్పుడు చెయ్యని ఇస్త్రీకి కూడా మనం డబ్బు కట్టినట్టే.

ఒక చిన్న భాగహారం

ఏ బట్టను ఏ లెక్కలో ఇవ్వాలో తేల్చడానికి ఒక భాగహారం చాలు. ఆ బట్టకు విడిగా చెప్పిన ధరను కిలో ధరతో భాగించాలి. వచ్చిన అంకె ఆ బట్టకు హద్దు బరువు. బట్ట అంతకన్నా తేలికైతే కిలో లెక్క చవక, అంతకన్నా బరువైతే విడి లెక్క చవక.

ఉదాహరణకు కొన్ని ధరలు అనుకుందాం. ఊరిని బట్టి, వీధిని బట్టి ఇవి మారతాయి కాబట్టి మీ దగ్గరి ధరలు వేసి చూసుకోండి. ఉతికి ఇస్త్రీ చేసి ఇవ్వడానికి కిలో 100 రూపాయలు, ఉతికి మడతపెట్టి మాత్రమే ఇవ్వడానికి కిలో 70 రూపాయలు. విడిగా అయితే ఉతుకు, ఇస్త్రీ కలిపి చొక్కాకు 30, జీన్సుకు 40, డబుల్ కాట్ దుప్పటికి 80, తువ్వాలుకు 30.

చొక్కా సంగతి చూడండి. ముప్పైని వందతో భాగిస్తే హద్దు బరువు 300 గ్రాములు. పొడుగు చేతుల నూలు చొక్కా సుమారు 220 గ్రాములుంటుంది. హద్దు కన్నా తక్కువే కాబట్టి కిలో లెక్కలో దానికి పడేది 22 రూపాయలు, ఎనిమిది రూపాయల ఆదా. జీన్సుకు హద్దు 400 గ్రాములు, కానీ పెద్దవాళ్ల జీన్సు 700 గ్రాముల దాకా తూగుతుంది. కిలో లెక్కలో దానికి 70 పడుతుంది, విడిగా ఇస్తే 40 చాలు. చొక్కాల మీద వచ్చిన ఆదాను మూటలో పడిన జీన్సులు తినేస్తాయన్నమాట.

మిగతా బట్టల బరువులు కూడా కొంచెం తెలిసి ఉంటే మంచిది. టీ షర్టు 150 నుంచి 200 గ్రాములు. మామూలు నూలు చీర అర కిలోకు అటూ ఇటూ. పెద్ద స్నానపు తువ్వాలు అర కిలో, డబుల్ కాట్ దుప్పటి 900 గ్రాముల దగ్గర. నేత చిక్కదనాన్ని బట్టి ఇవి మారతాయి కాబట్టి మీ ఇంట్లో తరచూ వాడే నాలుగైదు రకాలను వంటింటి త్రాసు మీదో, సూట్‌కేసులు తూచే చేతి త్రాసుతోనో ఒకసారి తూచి రాసి పెట్టుకోండి. బట్టల బరువు నెల నెలా మారేది కాదు కాబట్టి ఆ కాగితం చాలాకాలం పనికొస్తుంది.

మూట లెక్క తేల్చుకుందాం

ఇప్పుడు మొదట చెప్పిన మూటకు రండి. పది చొక్కాలు 2.2 కిలోలు, నాలుగు జీన్సులు 2.8 కిలోలు, రెండు దుప్పట్లు 1.8 కిలోలు, నాలుగు తువ్వాళ్లు 2 కిలోలు. మొత్తం 8.8 కిలోలు.

అంతా కిలో లెక్కన ఉతికి ఇస్త్రీ చేయిస్తే 880 రూపాయలు. అంతా విడి లెక్కన ఇస్తే చొక్కాలకు 300, జీన్సులకు 160, దుప్పట్లకు 160, తువ్వాళ్లకు 120, కలిపి 740. కిలో లెక్క చవకని నమ్మి వేసిన మూటకు 140 రూపాయలు ఎక్కువ కట్టినట్టు తేలుతోంది.

ఇక మూడో దారి. మూటంతా ఉతికి మడతపెట్టే లెక్కలో ఇస్తే 8.8 కిలోలకు 616 రూపాయలు. దుప్పట్లకూ తువ్వాళ్లకూ ఇస్త్రీ అక్కర్లేదు. మిగిలిన పద్నాలుగు బట్టలకు ఇస్త్రీ బండి దగ్గర బట్టకు 8 రూపాయల చొప్పున 112. మొత్తం 728. విడి లెక్క కన్నా ఇది పన్నెండు రూపాయలే తక్కువ, కానీ కిలో ఇస్త్రీ లెక్క కన్నా 152 తక్కువ.

అలాగని కిలోకు ఉతుకు, ఇస్త్రీ అన్న లెక్క ఎప్పుడూ నష్టమని అనుకోకండి. ఇరవై చొక్కాలే ఉన్న మూట 4.4 కిలోలు తూగుతుంది. కిలో లెక్కన 440, విడిగా అయితే 600. ఆఫీసు చొక్కాలు, కుర్తీలు, పిల్లల బట్టలు ఇలా తేలికవి మాత్రమే ఏరి పంపగలిగితే ఈ లెక్క బాగా కలిసొస్తుంది. ఆ ఇరవై చొక్కాలనూ ఉతికి మడతపెట్టించి, బండి దగ్గర ఇస్త్రీ చేయిస్తే 308కి 160 కలిపి 468 అవుతుంది. అంటే తేలిక మూటకు ఒకచోటే ఇవ్వడం మేలు. మూట కట్టేముందు బరువు బట్టలనూ తేలిక బట్టలనూ వేరు చెయ్యడంలోనే ఆదా అంతా ఉంది.

తూకం దగ్గర

కిలో లెక్కలో ధర ఎంత ముఖ్యమో తూకం అంత ముఖ్యం. మొదట అడగాల్సింది కనీస బరువు. ఒకరి బట్టలు ఇంకొకరి వాటితో కలపకుండా ఉతకాలంటే యంత్రాన్ని ఒక్క మూట కోసమే తిప్పాలి. చిన్న మూటకు కూడా నీళ్లూ సమయమూ దాదాపు అంతే పడతాయి కాబట్టి చాలా లాండ్రీలు కనీసం ఇన్ని కిలోలని పెడతాయి. కనీసం 5 కిలోలన్నచోట 3 కిలోలు ఇస్తే కిలో 70 అన్న ధర నిజానికి 116 దాటుతుంది. అలాంటప్పుడు మూట నిండేదాకా ఆగడమే మంచిది. ‘మా బట్టలు విడిగా ఉతుకుతారా’ అని కూడా అప్పుడే అడగండి.

రెండోది తడి. యంత్రంలో పిండి తీసిన నూలు బట్టలో దాని బరువులో సగం దాకా నీరు ఉంటుంది. ఆరని తువ్వాలు, చెమటకు తడిసిన చొక్కా, వానాకాలంలో చెమ్మగిల్లిన దుప్పటి తూకంలోకి వెళితే ఆ నీటికి కూడా మనమే డబ్బు కడతాం. పైగా మూటలో ముద్దగా పడి ఉన్న తడి బట్టకు బూజు మచ్చలు పడితే ఆ తర్వాత ఏ ఉతుకుకూ పోవు. ఆరబెట్టి ఇస్తే రెండు నష్టాలూ తప్పుతాయి.

మూడోది తూచే చోటు. ఇంటికి వచ్చి తీసుకెళ్లేవాళ్లు మన ముందే తూచి, బరువునూ బట్టల సంఖ్యనూ రెండింటినీ రాసివ్వాలి. తూకం ఒక్కటే రాసిన రసీదులో ఒక చొక్కా తగ్గినా మనకు తెలియదు. అర కిలోకు పైకి సవరిస్తారా, గ్రాముల లెక్కన వేస్తారా అన్నది కూడా అడగాలి. 4.1 కిలోలను 4.5గా రాస్తే ప్రతి మూటకూ ఒక చొక్కా, ఒక టీ షర్టు ఉతికినంత డబ్బు అదనంగా పోతుంది.

కిలో లెక్కకు ఇవ్వకూడని బట్టలు కూడా ఉన్నాయి. అక్కడ ఒక్కో బట్టను చూసి ఉతికే తీరిక ఉండదు, మూటంతా ఒకే నీటిలో ఒకే వేడికి వెళుతుంది. కొత్తగా కొన్న కలంకారీ, బాతిక్, ముదురు ఎరుపు, నీలి బట్టలు రంగు వదిలితే తెల్ల చొక్కా పాడైపోతుంది. ఆరబెట్టే యంత్రంలోని వేడికి కొత్త నూలు కుర్తీలు పొట్టివవుతాయి. ఇలాంటివి ఒకటి రెండు ఉతుకులు ఇంట్లోనే చూసుకుని, ఆ తర్వాత మూటలో వెయ్యడం క్షేమం. నూలు చీరలను చాలాచోట్ల కిలో ఇస్త్రీ లెక్కలోకి రానివ్వరు. అయిదున్నర మీటర్ల గుడ్డను పరిచి ఇస్త్రీ చెయ్యడం అర కిలో ధరకు వాళ్లకు గిట్టదు మరి.

డ్రై క్లీనింగు ఎప్పుడూ బట్టకింత ఎందుకు?

మన ఊళ్లలో డ్రై వాష్ అని పిలిచే పనిలో నీటి బదులు రసాయన ద్రావకం వాడతారు. ఎక్కువగా పెర్‌క్లోరోఇథిలీన్‌గానీ, పెట్రోలియం నుంచి తీసిన ద్రావకంగానీ ఉంటుంది. యంత్రంలో తిరిగే పని కన్నా ముందు చేసే పని ఇక్కడ ఎక్కువ. ప్రతి బట్టకూ గుర్తు చీటీ కట్టాలి. వెలుతురులో పరిచి మచ్చలు, చిరుగులు, ఊడిన జరీ, వదులైన పూసలు చూడాలి. మచ్చను బట్టి మందు రాయాలి. ఆ తర్వాతే యంత్రం. చివర్లో ఆవిరి ఇస్త్రీ. పాతిక వేల రూపాయల కంచి పట్టుచీర పాడైతే వచ్చే ముప్పు కూడా ధరలోనే కలిసి ఉంటుంది. చెయ్యి, చూపు, బాధ్యత ఇవేవీ తూకానికి అందవు కాబట్టి ధర బట్టకే ఉంటుంది.

అందువల్ల ఇక్కడ ఆదా చేసే దారి వేరు. అసలు ఏ బట్టకు ఈ పని కావాలో తెలిసి ఉండటమే ఆ దారి. ద్రావకం నూనె జిడ్డును బాగా తీస్తుంది. చెమట, పళ్లరసం, పానకం లాంటివి నీటిలో కరిగేవి, వాటిని ద్రావకం ఒక్కటే పూర్తిగా తియ్యలేదు. చెమటకు ఉప్పు పేరుకున్న నూలు చొక్కాను డ్రై వాష్‌కు ఇవ్వడం అంటే ఎక్కువ డబ్బు ఇచ్చి తక్కువ శుభ్రం తెచ్చుకోవడమే. పట్టుచీర మీద కూల్‌డ్రింకు పడి ఆరిపోతే అప్పటికి ఏమీ కనిపించదు. అందులోని చక్కెర కాలం గడిచేకొద్దీ, వేడి తగిలేకొద్దీ గోధుమ రంగు మచ్చగా తేలుతుంది. ఇచ్చేటప్పుడే ‘ఇక్కడ ఇది పడింది’ అని చెప్పి ఆ చోట దారంతో గుర్తు పెట్టిస్తే ముందే ఆ మచ్చకు తగిన మందు రాస్తారు. ఆ ఒక్క మాట చెబితే రెండోసారి కట్టాల్సిన డబ్బు మిగులుతుంది.

బట్ట లోపలి చీటీ మీది గుర్తులు కూడా దారి చూపిస్తాయి. నీళ్ల తొట్టి బొమ్మ ఉంటే నీటిలో ఉతకవచ్చు. తొట్టి మీద కొట్టేసిన గీతలుంటే నీరు తగలనివ్వకూడదు. వట్టి గుండ్రని గీత, లేదా అందులో ఒక అక్షరం ఉంటే డ్రై క్లీనింగుకు ఇవ్వవచ్చు. ఆ గుండ్రం మీదే కొట్టివేత ఉంటే ఇవ్వకూడదు. తొట్టి గుర్తు, గుండ్రం రెండూ ఉన్న బట్టను ఉతకడానికే ఇవ్వచ్చు, డ్రై క్లీనింగు ధర కట్టక్కర్లేదు.

పెళ్లికి మూడు గంటలు కట్టిన పట్టుచీరకు ప్రతిసారీ డ్రై వాష్ అవసరం లేదు. మచ్చ, జిడ్డు లేకపోతే నీడలో గాలికి ఆరబెట్టి, తిరగేసి తక్కువ వేడి మీద ఇస్త్రీ చేయిస్తే చాలు. ఇస్త్రీ ఖర్చు డ్రై క్లీనింగు ఖర్చులో చిన్న భాగమే. పైగా మాటిమాటికీ ద్రావకం తగలకపోతే జరీ కూడా మెరుపు కోల్పోకుండా ఎక్కువ కాలం నిలుస్తుంది.

ధర అడిగేటప్పుడు ‘పట్టుచీరకు ఎంత’ అని ఆగకూడదు. పనితనం ఉన్న చీరకు, బరువైన అంచు చీరకు ధర వేరు. రోలింగ్, పాలిష్ వేరు. జాకెట్టు వేరు. మచ్చ తియ్యడానికి, పన్నుకు వేరే వేస్తారో లేదో కూడా అడగండి. రసీదు వెనక షరతులు తప్పక చదవండి. బట్ట పోయినా చెడినా కట్టిన చార్జీకి కొన్ని రెట్లు మాత్రమే ఇస్తామని చాలామంది అచ్చువేస్తారు. ఖరీదైన చీర అయితే దాని విలువ రసీదు మీద రాయించుకోవాలి, ఫోటో తీసి పెట్టుకోవాలి.

చీర తిరిగి వచ్చాక రెండు సంగతులు గమనించండి. ఘాటు వాసన వస్తుంటే ద్రావకం పూర్తిగా ఆరలేదని అర్థం. ప్లాస్టిక్ కవరు తీసేసి గాలి తగిలేచోట వాసన పోయేదాకా వెయ్యాలి, అలాగే బీరువాలో పెట్టకూడదు. ఇక కింది అంచుకు కుట్టిన నూలు ఫాల్ కుంచించుకుని చీర అంచు ముడతలు పడితే నీరు తగిలిందేమోనని అనుమానించవచ్చు. డ్రై వాష్ డబ్బు తీసుకుని నీటిలో ముంచారా అని అడిగే హక్కు మనకుంది. అది బట్ట తీసుకునేటప్పుడే, వాళ్ల బల్ల మీద పరిచి చూసి అడగాలి.

నెలవారీ ఇస్త్రీ ఎప్పుడు కలిసొస్తుంది?

చాలా ఇళ్లలో ఉతుకు వాషింగ్ మెషిన్‌లోనే అయిపోతుంది, బయటికి వెళ్లేది ఇస్త్రీ ఒక్కటే. అపార్టుమెంటుకు వచ్చి బట్టలు తీసుకెళ్లే ఇస్త్రీ ఆయన రెండు రకాలుగా ధర చెబుతారు. బట్టకు ఇంత, లేదా నెలకు ఇంత. నెల లెక్క చవకా కాదా అన్నది మూడు ప్రశ్నల మీద ఆధారపడుతుంది. నెలకు ఎన్ని బట్టలు? చీర ఎన్ని బట్టల కింద లెక్క? సెలవుల నెలల సంగతి ఏమిటి?

ఒక ఇల్లు తీసుకుని చూద్దాం. భర్త ఆఫీసు ఉద్యోగి, భార్య బ్యాంకు ఉద్యోగి, ఇద్దరు బడి పిల్లలు. నెలకు 22 పని దినాలు. భర్తవి రోజుకో చొక్కా, రెండు రోజులకో ప్యాంటు, కలిపి 33. భార్య నెలలో 12 రోజులు నూలు చీరలు, 10 రోజులు కుర్తీలు వేసుకుంటారు. జాకెట్లు ఇంట్లోనే ఇస్త్రీ చేసుకుంటారు. పిల్లల యూనిఫారం చొక్కాలు ఇద్దరివీ 44, ప్యాంట్లూ స్కర్టులూ 22. అంటే చిన్న బట్టలు 109, చీరలు 12.

చిన్న బట్టకు 8 రూపాయలు, చీరకు 30 అనుకుంటే విడి లెక్కన చిన్న బట్టలకు 872, చీరలకు 360. నెలకు 1,232 రూపాయలు.

ఇక నెల లెక్క. 120 బట్టల దాకా 800 రూపాయలు, ఆ పైన బట్టకు 8 అన్నారనుకుందాం. 800ను 8తో భాగిస్తే వంద. నెలకు వంద బట్టలు దాటే ఇంటికే ఈ ఒప్పందం లాభమని మొదటి అడుగులోనే తెలిసిపోతుంది. మన ఇంటివి 109. దాటాయి గానీ తొమ్మిది బట్టలే. ఇక్కడ అడగాల్సిన మాట ఒకటుంది.

“అన్నా, చీర ఎన్ని లెక్క?”

“మూడు లెక్కమ్మా.”

ఈ జవాబు మీదే లెక్కంతా తిరుగుతుంది. చీర మూడు బట్టల కింద వస్తే 12 చీరలు 36 బట్టలు. మొత్తం 145. 120 పోగా మిగిలిన 25కు 200 రూపాయలు. నెలకు 1,000. విడి లెక్క కన్నా 232 తక్కువ. ‘చీరలు ఒప్పందంలో లేవమ్మా, వాటికి విడిగానే’ అని జవాబు వస్తే 109 చిన్న బట్టలకు 872 బదులు 800 కడతాం, ఆదా 72 మాత్రమే.

సెలవుల నెలలు

ఆ 72 రూపాయలైనా ఏడాది పొడుగునా మిగలవు. వేసవి సెలవులు నెలన్నర పైనే ఉంటాయి. దసరా, సంక్రాంతి సెలవులు కూడా కలిపితే పిల్లల యూనిఫారాలు లేని కాలం ఏడాదికి సుమారు రెండు నెలలు. ఆ రెండు నెలల్లో చిన్న బట్టలు 109 నుంచి 43కి పడిపోతాయి. విడి లెక్కన వాటికి 344 చాలు, ఒప్పందం ప్రకారం మాత్రం 800 కట్టాలి. నెలకు 456 చొప్పున రెండు నెలలకు 912 నష్టం. మిగతా పది నెలల ఆదా 720. ఏడాది మొత్తం మీద 192 రూపాయలు ఎదురు కట్టినట్టు.

చీరలు మూడు లెక్కన కలిసిన ఒప్పందంలో ఇలా కాదు. సెలవుల నెలలో 43కు చీరల 36 కలిపి 79 బట్టలు. విడి లెక్కన 704, ఒప్పందంలో 800, నెలకు 96 నష్టం. రెండు నెలలకు 192 పోయినా, పది నెలల ఆదా 2,320 ఉంది కాబట్టి ఏడాదికి 2,128 మిగులుతుంది. నెలకు 800 అన్న మాట రెండు చోట్లా ఒకటే. ఒకచోట లాభం, ఇంకోచోట నష్టం రావడానికి కారణం చీర లెక్క, సెలవుల లెక్క.

ఇక్కడ ఇస్త్రీ చేసేవారి వైపు నుంచి కూడా చూడాలి. నెల ఒప్పందంలో ఆయన ధర తగ్గించి ఇస్తున్నది స్థిరమైన రాబడి కోసమే. బండి మీద బొగ్గుల పెట్టెతో చేసేవారికి బట్టలు తక్కువైనా బొగ్గు రగిలించక తప్పదు. తెలంగాణలో 2021 ఏప్రిల్ నుంచి రజకుల లాండ్రీలకు నెలకు 250 యూనిట్ల ఉచిత కరెంటు పథకం వచ్చింది. అయితే అది మీటరు ఉన్న దుకాణానికి సాయం చేస్తుంది గానీ చెట్టు కింద బొగ్గుల మీద ఆధారపడిన బండికి కాదు. సెలవు నెలలో ‘ఈ నెల వద్దులే’ అని మనం ఆపేస్తే, ఆ అపార్టుమెంటులో పిల్లలున్న ఇళ్లన్నీ ఒకేసారి ఆపేస్తాయి. వేసవి ఎండలో పనిచేసే మనిషికి ఆ రెండు నెలలూ రాబడి కుప్పకూలుతుంది.

ఇద్దరికీ న్యాయమైన దారి ఒకటుంది. సెలవుల నెలల్లో సగం ఒప్పందం, అంటే 60 బట్టల దాకా 400 రూపాయలని ముందే మాట్లాడుకోవడం. చీరలు కలవని ఒప్పందంలోనే చూడండి. 43 బట్టలకు 344 బదులు 400 కడితే నెలకు 56 చొప్పున రెండు నెలలకు పోయేది 112. పది నెలల ఆదా 720లో అది తీసేస్తే ఇంటికి 608 మిగులుతుంది. ఆయనకూ ఆ రెండు నెలల్లో ఎంత వస్తుందో ముందే తెలిసి ఉంటుంది.

ఇంట్లోనే చేసుకుంటే?

సొంత ఇస్త్రీకి అయ్యే కరెంటు చాలా తక్కువ. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె వేడెక్కాక తనంతట తానే ఆగుతూ వెలుగుతూ ఉంటుంది కాబట్టి పది గంటల పనికి ఆరేడు యూనిట్లకు మించి లాగదు. ఎక్కువ ఇళ్లకు అది యాభై అరవై రూపాయల మాట. కానీ పైన చెప్పిన ఇంటి 145 బట్టల లెక్కకు, ఒక్కోదానికి నాలుగు నిమిషాలు వేసుకున్నా, దాదాపు పది గంటలు పడుతుంది. అంటే 1,000 రూపాయల ఒప్పందంలో మనం కొంటున్నది నెలకు పది గంటల తీరిక, గంటకు సుమారు వంద రూపాయల చొప్పున. ఇంట్లో ఆ పది గంటలు ఎవరి మీద పడుతున్నాయో కూడా లెక్కలో వేసుకోవాలి. ఎక్కువ ఇళ్లలో అది ఉద్యోగం నుంచి వచ్చి వంట కూడా చూసుకునే ఇల్లాలి సమయమే. ఆవిడ సమయానికి ధర లేదనుకుంటేనే ఇంటి ఇస్త్రీ ఉచితంగా కనిపిస్తుంది.

నెలకు యాభై అరవై బట్టలే ఉన్న ఇంటికి, ఇంటి నుంచే పనిచేసేవాళ్లకు, తరచూ ఊళ్లు తిరిగేవాళ్లకు నెల ఒప్పందం అక్కర్లేదు, బట్టకింత అన్నదే చవక. ఇద్దరు ముగ్గురు బడి పిల్లలున్న ఇంటికి, రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకోవాల్సిన ఉద్యోగాలున్న ఇంటికి నెల ఒప్పందం కలిసొస్తుంది. మీ ఇల్లు ఎటువైపో తెలుసుకోవడానికి ఒక్క నెల బట్టలు వెళ్లిన ప్రతిసారీ క్యాలెండరు మీద సంఖ్య రాయండి, చీరలను విడిగా రాయండి. నెలాఖరున ఆ మొత్తంతో మాటకు కూర్చోండి. ఎన్ని బట్టల దాకా, పైన ఎంత, చీర ఎన్ని లెక్క, గంజి పెడితే ఎంత, సెలవుల నెలలో ఎంత, బట్ట కాలితే ఏమిటి అన్న ఆరు సంగతులూ ఒక కాగితం మీద రాసి ఇద్దరి దగ్గరా చెరొకటి ఉంచుకోండి. అలా కుదిరిన ధర నెల రోజుల నిజమైన లెక్క మీద నిలబడుతుంది. దాని మీద నెలాఖరున ఆయన మీతోగానీ, మీరు ఆయనతోగానీ వాదించే అవసరం రాదు.